‘కొత్త మచ్చ’ అంటే ఎప్పటి నుంచి కొత్త? ఎంఎస్ మెదడు ఎంఆర్‌ఐని పోల్చి చదవడం, మందును సమీక్షించడం

2023 జూన్‌లో ఒక సాయంత్రం తెనాలి నుంచి ఒక జంట మా స్కాన్ సెంటర్‌కి వచ్చారు. ఆమె స్కూల్ టీచర్, వయసు 30 దాటింది. ఏడాదిగా మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి, అంటే ఎంఎస్‌కి, మందు వాడుతోంది. భర్త చేతిలో రిపోర్టు ఉంది. అందులో ఒక వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీశాడు: ‘మొత్తం ప్లేక్‌లు 14. పాత రిపోర్టులో 9.’

“అంటే ఐదు కొత్తవి వచ్చాయి కదా మేడమ్? మందు పనిచేయనట్టేనా? మార్చేయమందామా?”

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఎంఆర్‌ఐలు చదివే రేడియాలజిస్టుని. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. ప్లేక్ అంటే ఎంఎస్ వల్ల ఏర్పడే మచ్చ. 14 లోంచి 9 తీసేస్తే 5 వస్తుంది గానీ, ఆ 5 కొత్త మచ్చల సంఖ్య అవ్వాలని లేదు. అసలు సంఖ్య తేల్చడానికి ఏ క్రమంలో వెళ్తామో ఆమె స్కాన్‌లనే ముందు పెట్టుకుని చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చాను. ఎంఎస్ ఉన్నవాళ్లకీ, ఇంట్లోవాళ్లకీ, ఇప్పుడిప్పుడే ఈ స్కాన్‌లు చదవడం నేర్చుకుంటున్న డాక్టర్లకీ ఇది రాస్తున్నాను. మందు మార్చాలా వద్దా అన్నది మాత్రం మీ న్యూరాలజిస్టు తేల్చాల్సిన విషయం. ఆ నిర్ణయానికి స్కాన్ సరైన సమాచారం ఇస్తోందో లేదో చూసుకోవడం మన పని.

మొదటి అడుగు: సీడీ తెచ్చుకోండి

“పాత స్కాన్ ఉందా?” అని అడిగితే ఆయన పాత రిపోర్టు చూపించాడు. రిపోర్టు అంటే ఒకరు చూసి రాసిన మాట. నాకు కావాల్సింది బొమ్మలు. “ఫిల్ములు ఉన్నాయి” అన్నాడు. మర్నాడు పెద్ద కవరుతో తెచ్చాడు. రెండు ఫిల్ములు చెమ్మకి అతుక్కుపోయాయి, విడదీస్తే ఒక మూల పొర లేచిపోయింది. సీడీ ఏదని అడిగితే బీరువా లాకర్లో, పెళ్లి పట్టుచీరల కింద ఉందని ఆమెకు గుర్తొచ్చింది. మూడోరోజు అదీ వచ్చింది.

ఫిల్ము మీద ప్రతి ముక్కా తపాలా బిళ్లంత ఉంటుంది. 3 మిల్లీమీటర్ల మచ్చ అందులో ఉందో లేదో గట్టిగా చెప్పలేం. సీడీలో మాత్రం కొలతలతో సహా అసలు డేటా ఉంటుంది. కంప్యూటర్లో తెరిస్తే `DICOMDIR` అనే ఫైలు కనబడాలి. జేపీజీ బొమ్మలు నాలుగే ఉంటే అది అసలు స్కాన్ కాదు, వెంటనే సెంటర్‌కి వెళ్లి పూర్తి డేటా అడగండి. ఆలస్యం చేస్తే దొరకకపోవచ్చు. సర్వర్‌లో చోటు లేక పాతవి తీసేశామని ఒక సెంటర్ వాళ్లు నా పేషెంటు ఒకాయనతో చేతులెత్తేశారు. అప్పటి నుంచి పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోమని అందరికీ చెబుతున్నాను.

రెండో అడుగు: మచ్చ ఎక్కడుందో చూడండి

ఎన్ని అని లెక్కపెట్టే ముందు, అవి అసలు ఎంఎస్ మచ్చలేనా అని చూడాలి. మెదడు ఎంఆర్‌ఐలో తెల్లమచ్చలు చాలామందికి ఉంటాయి. బీపీ, షుగర్, వయసు, మైగ్రేన్, ఏదైనా కారణం కావచ్చు. ఎంఎస్ ప్లేక్‌ని పట్టించేది ప్రధానంగా అది ఉన్న చోటు, దాని ఆకారం. 3 మిల్లీమీటర్ల కంటే చిన్నదాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోం.

మెదడు మధ్యలో నీటి గదులుంటాయి, వాటిని వెంట్రికల్స్ అంటాం. ఎంఎస్ ప్లేక్‌లు వాటి గోడని ఆనుకుని, గోడకు నిలువుగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. కారణం రక్తనాళాల్లో ఉంది. ఈ జబ్బులో నరాల పైపొర అయిన మైలిన్ మీద దాడి చిన్న సిరల చుట్టూ మొదలవుతుంది. వెంట్రికల్ పక్కన ఆ సిరలు గోడ వైపు సూటిగా నడుస్తాయి, మచ్చ కూడా సిర వెంటే సాగుతుంది. 1916లో ఎడిన్‌బరోలో జేమ్స్ డాసన్ మైక్రోస్కోపు కింద ఈ తీరు వర్ణించాడు. అందుకే వీటిని ఇప్పటికీ డాసన్ వేళ్లు అంటాం. ఫ్లెయిర్ అంటే నీటిని నల్లగా అణిచి మచ్చని తెల్లగా చూపించే ఎంఆర్‌ఐ బొమ్మ. తలని పక్క నుంచి కోసినట్టు చూపించే శాజిటల్ ఫ్లెయిర్ బొమ్మలో ఇవి బాగా కనిపిస్తాయి. మెదడు రెండు సగాలని కలిపే కార్పస్ కలోసం అడుగు నుంచి పైకి లేచిన దువ్వెన పళ్లలా ఉంటాయి. అయితే వెంట్రికల్ కొసల్లో నున్నటి టోపీలా, అంచు వెంట సన్నటి గీతలా కనిపించే తెలుపు చాలామందికి మామూలే. దాన్ని ప్లేక్ అని రాసేసిన రిపోర్టులు నేను చూశాను.

రెండో చోటు మెదడు పైపొర, అంటే కార్టెక్స్ కిందిభాగం. ఇక్కడ ప్లేక్ కార్టెక్స్‌ని తాకుతూ ఉండాలి, మధ్యలో సందు ఉండకూడదు. బీపీ వల్ల వచ్చే మచ్చలు లోపలి తెల్లపదార్థంలో ఉండి, కార్టెక్స్‌కి ముందు ఒక పలుచని పట్టీని వదిలేస్తాయి. నేను ముందు చూసేది ఆ పట్టీనే.

మూడోది వెనక కింది భాగం: మెదడు కాండం, చిన్నమెదడు. కాండం మధ్యభాగమైన పాన్స్ బయటి అంచు, నాలుగో వెంట్రికల్ అడుగు, పాన్స్‌ని చిన్నమెదడుతో కలిపే మందపాటి కాడ ఎంఎస్‌కి ఇష్టమైన చోట్లు. బీపీ మచ్చలైతే పాన్స్ నడిమధ్యలో కూర్చుంటాయి. ఈ ప్రాంతంలో ఫ్లెయిర్‌ని నమ్ముకోవద్దు, టీ2 అనే ఇంకో రకం బొమ్మ కూడా చూడాలి. ఫ్లెయిర్ ఒక్కటే చూసి వెనక భాగం శుభ్రంగా ఉందనుకుంటే, టీ2లో మచ్చ బయటపడ్డ సందర్భాలు కొత్తవాళ్లకి తరచూ ఎదురవుతాయి.

నాలుగోది వెన్నుపాము. ఎంఎస్ మచ్చ ఇక్కడ పొట్టిగా, అంచు వైపు ఉంటుంది. సాధారణంగా రెండు వెన్నుపూసల పొడవు దాటదు. మూడు పూసలు, ఆపైన మధ్యలో పొడుగ్గా సాగితే ఎన్‌ఎంఓ అనే వేరే జబ్బుని అనుమానించి ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేయించాలి. ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ లాంటి కొన్ని ఎంఎస్ మందులు ఎన్‌ఎంఓని ముదిరిస్తాయి, కాబట్టి ఆ తేడా ముందే తేలాలి.

ఎంఎస్‌ని నిర్ధారించడానికి వాడే 2017 నాటి మెక్‌డొనాల్డ్ ప్రమాణాల ప్రకారం ఈ నాలుగు చోట్లలో కనీసం రెండింట మచ్చ ఉంటే, జబ్బు ‘ఒకటి కంటే ఎక్కువ చోట్ల’ ఉందని లెక్క. 2024 సవరణ కంటి నరాన్ని ఐదో చోటుగా చేర్చింది.

మన టీచరమ్మకి 2022 ఫిబ్రవరి స్కాన్‌లోనే వెంట్రికల్స్ పక్కన ఏడు మచ్చలు, కార్టెక్స్‌ని ఆనుకుని ఒకటి, ఎడమవైపు చిన్నమెదడు కాడలో ఒకటి ఉన్నాయి. మెడ దగ్గర వెన్నుపాములో పొట్టిది ఒకటి వేరే. తొమ్మిదిలో ఒకటి డై ఇంజెక్షన్‌కి వెలిగింది, మిగతావి వెలగలేదు. డైకి వెలిగేది తాజా మచ్చ. అంటే పాత మచ్చలూ తాజా మచ్చా ఒకే స్కాన్‌లో కనిపించాయి. రోగ నిర్ధారణ మీద ఏ అనుమానమూ లేదు.

మూడో అడుగు: రెండు స్కాన్‌లు ఒకే కొలతతో తీసినవేనా?

అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. 2022 స్కాన్ గుంటూరులో 1.5 టెస్లా మిషన్ మీద తీశారు. టెస్లా అంటే మిషన్‌లోని అయస్కాంతం బలానికి కొలత. ముక్క మందం 5 మిల్లీమీటర్లు, ముక్కకీ ముక్కకీ మధ్య 1 మిల్లీమీటరు ఖాళీ. 2023 స్కాన్ మా దగ్గర 3 టెస్లా మీద, 1 మిల్లీమీటరు మందంతో, ఖాళీ లేకుండా త్రీడీ ఫ్లెయిర్. ఈ రెండింటినీ పోల్చడమంటే కందిపప్పుని ఒకసారి పెద్ద కన్నాల జల్లెడలోనూ, ఇంకోసారి సన్న జల్లెడలోనూ పోసి, నిలిచిన రాళ్లు లెక్కపెట్టడమే. సన్న జల్లెడలో ఎక్కువ నిలుస్తాయి. పప్పులో రాళ్లు పెరిగాయని దాని అర్థం కాదు.

5 మిల్లీమీటర్ల ముక్కలో 3 మిల్లీమీటర్ల మచ్చ సగం సగం కలిసిపోయి బూడిదరంగు మసకలా కనిపిస్తుంది. రెండు ముక్కల మధ్య ఖాళీలో పడితే ఇంకా మసకబారుతుంది. తల కోణం కాస్త మారినా, నిన్న ఒక ముక్కలో ఉన్న మచ్చ ఇవాళ పక్క ముక్కలోకి జరుగుతుంది. అందుకే టెక్నీషియన్ ప్రతిసారీ కార్పస్ కలోసం ముందు కొసనీ వెనక కొసనీ అడుగున కలిపే గీతకి సమాంతరంగా ముక్కలు పెట్టుకోవాలి. త్రీడీ స్కాన్ అయితే ఆ కోణాన్ని తర్వాత కంప్యూటర్లో కూడా సరిచేసుకోవచ్చు. పాతకాలపు రెండు డైమెన్షన్ల స్కాన్‌కి ఆ వీలు లేదు.

అలా ఆమె రెండు స్కాన్‌లు పక్కపక్కన తెరిచి, కోణం సరిచేసి, ఒక్కో మచ్చ దగ్గరా ఆగాను. గంటన్నర పట్టింది. ‘ఐదు’ ఇలా విడిపోయింది.

రెండు మచ్చలు పాత స్కాన్‌లోనూ ఉన్నాయి. ఒకటి 5 మిల్లీమీటర్ల ముక్కలో మసకగా ఉంది, అది మచ్చ అని ఇప్పుడు తెలుసు కాబట్టే కనిపించింది. రెండోది అడ్డకోత బొమ్మల్లో లేదు గానీ పాత శాజిటల్ ఫ్లెయిర్‌లో స్పష్టంగా ఉంది. మూడోది అసలు పెరుగుదలే కాదు. పాతదాంట్లో ఒకే పెద్ద మచ్చగా కనిపించింది సన్నని ముక్కల్లో రెండుగా విడిపోయి, లెక్క ఒకటి పెంచింది. నిజంగా కొత్తవి రెండే మిగిలాయి. ఎడమ వెంట్రికల్ పక్కన 6 మిల్లీమీటర్లది ఒకటి, కుడి ఫ్రాంటల్‌లో, అంటే మెదడు ముందుభాగంలో, కార్టెక్స్‌ని ఆనుకుని 5 మిల్లీమీటర్లది ఒకటి. పాత స్కాన్‌లో ఆ రెండు చోట్లా ఏ కోతలో చూసినా శుభ్రంగా ఉంది.

ఇక్కడ ఒక మాట. లెక్కతో పాటు పాత మచ్చ పెరిగిందా అన్నదీ చూడాలి, అది కూడా జబ్బు చురుగ్గా ఉందనడానికి గుర్తే. కానీ మిషన్ మారినప్పుడు ‘కొంచెం పెరిగింది’ అన్న మాటని నేను రిపోర్టులో రాయను. అంచు ఎంత మసకగా ఉందన్న దాన్ని బట్టే కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

నాలుగో అడుగు: మందు మొదలైన తేదీని స్కాన్ తేదీల మధ్య గుర్తుపెట్టండి

రెండు మచ్చలు కొత్తవే. అయితే అవి ఎప్పుడు వచ్చాయి? ఒక కాగితం మీద అడ్డగీత గీసి తేదీలు రాశాను. 2022 ఫిబ్రవరిలో మొదటి స్కాన్. డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలు మొదలుపెట్టింది మే నెలలో. మూడు నెలలు ఎందుకు ఆలస్యమైందని అడిగితే, ఖర్చు గురించీ, ఇంకో చోట రెండో అభిప్రాయం గురించీ ఆలోచిస్తూ ఉండిపోయామన్నారు. ఆ తర్వాతి స్కాన్ 2023 జూన్‌లో.

అంటే ఈ రెండు మచ్చలు ఫిబ్రవరికీ మేకీ మధ్య, మందే లేనప్పుడు వచ్చి ఉండొచ్చు. మే తర్వాత మొదటి నెలల్లో, మందు ఇంకా పూర్తిగా పట్టు సాధించకముందు వచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత, మందు పనిచేయాల్సిన రోజుల్లోనే వచ్చి ఉండొచ్చు కూడా. మొదటి రెండు సందర్భాల్లో మందు తప్పేమీ లేదు, మూడో సందర్భంలో ఉంది. స్కాన్ చూసి ఈ మూడింటినీ విడదీయలేం.

ఈ అయోమయం రాకూడదనే మందు మొదలుపెట్టిన 3 నుంచి 6 నెలల మధ్య ఇంకో ఎంఆర్‌ఐ తీయమంటారు. దాన్ని రీబేస్‌లైన్ అంటాం, తెలుగులో కొత్త పునాది స్కాన్ అనుకోండి. నిదానంగా పనిచేసే గ్లాటిరామర్ లాంటి మందుకి ఇంకాస్త ఆగుతారు. ఆ స్కాన్‌లో కనిపించిన కొత్త మచ్చలని మందు ఖాతాలో వేయం. ఇకపై వచ్చే ప్రతి స్కాన్‌నీ దానితోనే పోలుస్తాం. ఈమెకి ఆ స్కాన్ తీయలేదు. బాగానే ఉంది కదా, స్కాన్ ఖర్చు ఎందుకని వదిలేశారు. నిజానికి తొలి సంవత్సరంలో అన్నిటికంటే విలువైన స్కాన్ అదే.

డై ఇంజెక్షన్ కొంత సాయం చేస్తుంది. కొత్త ప్లేక్ పుట్టినప్పుడు రక్తనాళాల అడ్డుగోడ తెగి, గడోలినియం అనే డై లోపలికి ఇంకి అది వెలుగుతుంది. చాలా మచ్చలు కొన్ని వారాలపాటే వెలుగుతాయి, రెండు మూడు నెలలు దాటి వెలగడం అరుదు. ఆమె జూన్ స్కాన్‌కి డై ఇచ్చారు, ఏ మచ్చా వెలగలేదు. కాబట్టి గత కొద్ది వారాల్లో పుట్టినవి కావు. అంతకు మించి అది చెప్పలేదు. ఇంకో జాగ్రత్త: స్కాన్‌కి ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడితే వెలుగు అణిగిపోతుంది. ఆమెకి పడలేదని అడిగి నిర్ధారించుకున్నాను. సరిగ్గా పోల్చదగ్గ పాత స్కాన్ ఉన్నప్పుడు ఏటా డై అవసరం లేదు. పోల్చడానికేమీ లేనప్పుడో, జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందా అన్నది తేలాల్సినప్పుడో అది పనికొస్తుంది.

ఐదో అడుగు: అటాక్‌ని, ఎండని విడదీయండి

స్కాన్‌తో పాటు ఆ మధ్యకాలంలో ఒంట్లో ఏం జరిగిందో కూడా న్యూరాలజిస్టు చూస్తారు. ఆమె చెప్పింది ఇది. మే నెలాఖరులో, రోహిణి కార్తె ఎండలో బస్టాండు నుంచి నడిచి వస్తుంటే ఎడమ కాలు బరువెక్కింది, చూపు మసకబారింది. ఇంటికొచ్చి చన్నీళ్లు పోసుకుని ఫ్యాను కింద పడుకుంటే గంటలో సర్దుకుంది. మర్నాడు మళ్లీ అలాగే.

దీన్ని ఊథాఫ్ ప్రభావం అంటారు. 1890లో ఈ పేరు గల జర్మన్ కంటి డాక్టరు దీన్ని నమోదు చేశాడు. మైలిన్ దెబ్బతిన్న నరం ఒంటి వేడి కొంచెం పెరిగినా సంకేతాన్ని సరిగ్గా మోయలేదు. చల్లబడగానే మళ్లీ మోస్తుంది. అక్కడ కొత్త మచ్చ పుట్టలేదు, పాత మచ్చే అరిచింది. బెజవాడ, గుంటూరు ఎండల్లో మే నెలలో ఇలాంటి ఫోన్లు చాలా వస్తాయి. అటాక్ అనాలంటే కొత్త లక్షణం కనీసం 24 గంటలు ఉండాలి, జ్వరమో మూత్రం ఇన్‌ఫెక్షనో ఉండకూడదు.

మాత్రల గురించి కూడా అడగాలి. డైమిథైల్ ఫ్యూమరేట్ రోజుకి రెండుసార్లు వేసుకోవాలి. ఒళ్లు ఎర్రబడటం, కడుపులో మంట వల్ల రాత్రి మాత్ర మానేసేవాళ్లు ఉంటారు, డాక్టరు కోప్పడతారని చెప్పరు. ఈమె భోజనం మధ్యలో వేసుకుంటానంది. ఖాళీ షీట్లు పక్కన పెట్టిన అలవాటు కూడా ఉంది, లెక్క సరిపోయింది.

ఇవన్నీ ముందు పెట్టుకుని ఆమె న్యూరాలజిస్టు మందు మార్చలేదు. కొత్తవి రెండు మచ్చలు, ఎప్పుడు వచ్చాయో తెలియదు, అటాక్ లేదు. ఆ జూన్ స్కాన్‌నే కొత్త పునాదిగా పెట్టుకుని, ఆరు నెలల్లో అదే మిషన్ మీద, అదే కొలతలతో మళ్లీ తీద్దామన్నారు. ఆమె భర్తకి ఇది నచ్చలేదు. “చూస్తూ కూర్చోవడమేనా?” అన్నాడు. ఆ అసహనం నాకు అర్థమైంది. కానీ అప్పటికి మా చేతిలో ఉన్న సమాచారంతో మందు మార్చి ఉంటే, బాగా పనిచేస్తున్న మందునే పారేశామేమో అన్న సందేహం ఎప్పటికీ తీరేది కాదు.

ఆరో అడుగు: మళ్లీ పోల్చడం, ఈసారి ఒకే జల్లెడతో

2023 డిసెంబర్‌లో వచ్చారు. 3 టెస్లా, 1 మిల్లీమీటరు, డై లేకుండా. రెండు స్కాన్‌లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. పోల్చడానికి ఇరవై నిమిషాలు పట్టలేదు.

మూడు కొత్త మచ్చలు. రెండు వెంట్రికల్స్ పక్కన. మూడోది ఎడమవైపు పాన్స్ బయటి అంచులో, ముఖం స్పర్శని మోసే ట్రైజెమినల్ నరం లోపలికి దిగే చోట. టీ2లో చక్కగా కనిపించింది, ఫ్లెయిర్‌లో అయితే తేలిపోయేది.

ఆ చోటు చూడగానే బయటికొచ్చి ఆమెని అడిగాను. “ఈ మధ్య ఎడమ బుగ్గ మొద్దుబారిందామ్మా?”

“అక్టోబర్లో మేడమ్, పది రోజులు. పన్ను వల్లేమో అనుకున్నా. తెనాలిలో డెంటిస్టు దగ్గరికి వెళ్తే పన్ను బాగుందన్నారు. తర్వాత అదే తగ్గింది.”

పది రోజులు, జ్వరం లేదు, మచ్చ సరిగ్గా అక్కడే ఉంది. అది అటాక్, పన్ను పేరుతో తప్పించుకుపోయింది. స్కాన్ చదివేవాళ్లు మచ్చ ఉన్న చోటుని బట్టి పేషెంటుని ఒక ప్రశ్న అడగడం వల్ల ఇలాంటివి దొరుకుతాయి. అయితే చాలా మచ్చలు ఏ లక్షణమూ లేకుండానే వస్తాయి. అందుకే ఒంట్లో బాగున్నా ఏటా స్కాన్ తీస్తారు.

ఇప్పుడు గీత మీద తేదీలు స్పష్టంగా ఉన్నాయి. మూడు మచ్చలూ 2023 జూన్‌కీ డిసెంబర్‌కీ మధ్యే వచ్చాయి. అప్పటికి మందు వాడకం 13వ నెల దాటి 19వ నెలకి చేరింది. మాత్రలు తప్పలేదు. మందు పూర్తిగా పనిచేయాల్సిన కాలంలోనే జబ్బు కదిలింది.

ఎన్ని కొత్త మచ్చలైతే మార్చాలి?

ఈ ప్రశ్నకి ఒకే అంకె లేదు. ఇంటర్‌ఫెరాన్ వాడేవాళ్ల కోసం సవరించిన రియో స్కోరు అని ఒకటి ఉంది. మొదటి ఏడాదిలో 4 కంటే ఎక్కువ కొత్త టీ2 మచ్చలకి ఒక పాయింటు, ఒక అటాక్‌కి ఒక పాయింటు, రెండు లేదా అంతకు మించిన అటాక్‌లకి రెండు. మొత్తం ఎక్కువైతే ఆ మందు మీదే ఉంటే ముందుముందు వైకల్యం పెరిగే ప్రమాదం ఎక్కువ. అది పాత మందులు రాజ్యమేలిన కాలపు లెక్క. ఇప్పుడు బలమైన మందులు దొరుకుతున్నాయి కాబట్టి అంతకంటే తక్కువకే చాలామంది న్యూరాలజిస్టులు ఆలోచనలో పడతారు.

నేను చూసినంతలో వాళ్లు మూడు విషయాలు తూస్తారు. కొత్త మచ్చ ఎక్కడ వచ్చింది: కాండంలోనో వెన్నుపాములోనో వచ్చిన ఒకటి, వెంట్రికల్ పక్కన వచ్చిన ఒకటి కంటే బరువైనది, ఎందుకంటే నడకకీ చేతులకీ వెళ్లే దారులు అక్కడ ఇరుగ్గా ఉంటాయి. అటాక్ తోడైందా. వాడుతున్న మందు ఎంత బలమైనది: ఇంటర్‌ఫెరాన్ మీద ఒక చిన్న మచ్చని చూసీచూడనట్టు పోనివ్వొచ్చు గానీ, నటాలిజుమాబ్ లాంటి మందు మీద ఒక్క కొత్త మచ్చ వచ్చినా ఆగి చూడాలి. ఆ మందు వాడేవాళ్లలో కొత్త మచ్చ ఎంఎస్‌ది కాకుండా, జేసీ వైరస్ వల్ల వచ్చే పీఎంఎల్ అనే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్‌ది కూడా కావచ్చు.

ఇంకో హద్దు కూడా ఉంది. కార్టెక్స్ లోపలి మచ్చలని మామూలు ఎంఆర్‌ఐ చాలావరకు చూడలేదు. కొందరిలో కొత్త మచ్చలేమీ లేకుండానే నడక నెమ్మదిగా క్షీణిస్తుంది. అప్పుడు ‘కొత్తవి లేవు’ అన్న రిపోర్టు పట్టుకుని అంతా బాగుందనుకోకూడదు. ఏడాదికోసారి డాక్టరు ముందు 25 అడుగులు నడిపించి సెకన్లు లెక్కపెట్టడం ఆ లోటుని కొంత తీరుస్తుంది.

మన టీచరమ్మ విషయంలో మూడు మచ్చలు, అందులో ఒకటి కాండంలో, ఒక అటాక్. న్యూరాలజిస్టు ఈసారి వెనకాడలేదు. ఫింగోలిమాడ్, ఆక్రెలిజుమాబ్, రిటుక్సిమాబ్ గురించి చెప్పి, ఖర్చు, పిల్లల గురించి వాళ్ల ఆలోచన అన్నీ మాట్లాడారు. చివరికి రిటుక్సిమాబ్ అనుకున్నారు. ఎంఎస్ కోసమని దానికి ప్రత్యేక అనుమతి లేదు, అయినా ఖర్చు తక్కువ కావడంతో మన దగ్గర బాగా వాడుతున్నారు. సెలైన్ ఎక్కించే ముందు హెపటైటిస్-బి పరీక్ష, టీబీ పరీక్ష, ఇమ్యునోగ్లోబులిన్ల స్థాయి, లింఫోసైట్ల లెక్క చూశారు. రిటుక్సిమాబ్ బి-కణాలని తుడిచేస్తుంది కాబట్టి, ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్-బి మళ్లీ లేచే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష చేయకుండా ఎవరైనా మొదలుపెడదామంటే ఒప్పుకోవద్దు. వేయించుకోవాల్సిన టీకాలు కూడా ముందే వేయించుకోవాలి, తర్వాత వేస్తే అవి సరిగ్గా పట్టవు. మొదటి డోసు 2024 జనవరి చివర్లో పడింది.

మళ్లీ పునాది

2024 జూలైలో స్కాన్. ఒక కొత్త మచ్చ, వెంట్రికల్ పక్కన, 4 మిల్లీమీటర్లు. మళ్లీ ఆయన ముఖం వాడిపోయింది. నేను పాత కాగితమే తీసి గీత మీద చూపించాను. పోల్చింది డిసెంబర్ స్కాన్‌తో. మందు పడింది జనవరి చివర్లో. మధ్యలో నెలకి పైగా ఖాళీ ఉంది, తర్వాత మందు పట్టు సాధించాల్సిన వారాలు ఉన్నాయి. ఈ మచ్చ ఎవరి ఖాతాలోదో తెలియదు. ఈసారి ఆయనే అన్నాడు: “అయితే ఇది కొత్త పునాది స్కాన్ అన్నమాట.” మందు అలాగే సాగింది.

2025 జూలైలో మళ్లీ వచ్చారు. పాత మచ్చలు పోయాయా అని ఆమె అడిగింది. పోవమ్మా, కొన్ని కుంచించుకుంటాయి, కొన్ని టీ1 బొమ్మలో నల్ల గుంటల్లా మిగులుతాయి, లెక్క మాత్రం తగ్గినట్టు కనిపించదు అన్నాను. ఆ రోజు రిపోర్టు చివరి వాక్యంలో పోల్చిన తేదీ వేసి మరీ రాశాను: ‘మొత్తం ప్లేక్‌లు 18. 2024 జూలైలో ఇదే మిషన్ మీద తీసిన స్కాన్‌తో పోల్చగా కొత్తవి లేవు, పెరిగినవి లేవు.’

ఆయన ఎర్ర పెన్ను తీసి, 18 అన్న అంకెని వదిలేసి, తేదీ కింద గీత గీశాడు.